‘రిస్కులు వివరించాం’ అంటే సరిపోదు: వాల్‌ప్రోయేట్ రాసేటప్పుడు ఫైల్లో ఏముండాలి

ఓపీ చీటీలో మందుల పేర్ల కింద ఒక మూలన ‘రిస్కులు వివరించాం, పేషెంటుకు అర్థమైంది’ అని ఒక ముక్క రాసి, దాని కింద సంతకం తీసుకుంటారు. మూర్ఛకు, బైపోలార్ జబ్బుకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ వాడుతున్న యువతి ఆ చీటీ పట్టుకుని ఏడాది తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఆ ముక్క చదివి ఆయన తెలుసుకోగలిగేది ఏమీ ఉండదు. ఏ రిస్క్ చెప్పారు, ఎంత అని చెప్పారు? మందు మొదలుపెట్టిన రోజున ఆమె గర్భవతి కాదని ఎలా తేల్చుకున్నారు? గర్భం రాకుండా ఆమె ఏం వాడుతోంది? ఇవన్నీ మళ్లీ ఎప్పుడు అడగాలి? వీటిలో ఒక్కదానికీ అక్కడ జవాబు లేదు. వాల్‌ప్రోయేట్ విషయంలో రికార్డు అంటే ఈ ప్రశ్నలకు రాతపూర్వకమైన జవాబులే. సంతకం ఆ జవాబుల కింద ఉండాలి తప్ప వాటి స్థానంలో కాదు.

ముందు ఆమెకు చెప్పాల్సిన విషయం చూద్దాం. సోడియం వాల్‌ప్రోయేట్, వాల్‌ప్రోయిక్ యాసిడ్, డైవాల్‌ప్రోయెక్స్, చివర ‘క్రోనో’ అని ఉండే బిళ్లలు అన్నీ ఒకటే మందు. గర్భంలోని బిడ్డకు ఇది రెండు రకాలుగా హాని చేస్తుంది. ఒకటి పుట్టుకతో వచ్చే అవకరాలు: వెన్నెముక సరిగా మూసుకోకపోవడం, అంగిలి చీలిక, గుండె, మూత్రనాళాల లోపాలు, చేతులు కాళ్ల లోపాలు. మామూలుగా నూరు కాన్పుల్లో రెండు మూడింటిలో ఏదో ఒక పెద్ద అవకరం కనిపిస్తుంది. తల్లి వాల్‌ప్రోయేట్ వాడుతుంటే ఇది సగటున పదికి పైనే ఉంటుంది. రెండోది పుట్టిన రోజున కంటికి కనపడదు. నడక, మాట ఆలస్యం కావడం, జ్ఞాపకశక్తి, తెలివితేటలు తగ్గడం, ఆటిజం వంటి సమస్యలు నూటికి ముప్పై నుంచి నలభై మంది పిల్లల్లో ఉండొచ్చు. రెండూ ఒకే బిడ్డలో ఉండే అవకాశం ఉంది కాబట్టి ఈ అంకెలను కూడకూడదు. అవకరం లేకుండా పుట్టిన బిడ్డకు ఎదుగుదల సమస్య రాదని కూడా చెప్పకూడదు.

అవకరాల రిస్క్ డోసుతో పెరుగుతుంది. మూర్ఛ మందులు వాడే గర్భిణులను చాలా దేశాల్లో నమోదు చేసే యూరాప్ రిజిస్ట్రీ 2018లో ప్రచురించిన లెక్కల్లో రోజుకు 650 మిల్లీగ్రాములు, అంతకన్నా తక్కువ వాడినవారి పిల్లల్లో 6.3 శాతం మందికి పెద్ద అవకరాలు వచ్చాయి. 650 దాటి 1450 వరకు వాడినవారిలో ఇది 11.3 శాతం, 1450 దాటితే 25.2 శాతం. అదే రిజిస్ట్రీలో మూర్ఛకు వాడే ఇతర మందుల్లో లామోట్రిజిన్‌కు 2.9 శాతం, లెవెటిరాసెటమ్‌కు 2.8 శాతం. ‘డోసు తక్కువే కదా, ఫరవాలేదు’ అనే మాట ఎందుకు తప్పో ఈ అంకెలే చెబుతాయి. తక్కువ డోసులో కూడా రిస్క్ ఈ రెండు మందులకన్నా రెట్టింపు.

ఈ మాటలన్నీ మొదటి బిళ్ల వేసుకోకముందే ఎందుకు జరగాలంటే, పిండంలో వెన్నెముకగా మారే నాళం గర్భధారణ జరిగిన దాదాపు 28 రోజులకే మూసుకుపోతుంది. నెల తప్పింది కదా అని పరీక్ష చేసుకుని, అపాయింట్‌మెంట్ తీసుకుని ఆసుపత్రికి వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. పైగా వాల్‌ప్రోయేట్ వల్ల కొందరిలో బరువు పెరిగి, నెలసరి క్రమం తప్పుతుంది. నెలసరి సరిగా రాని అమ్మాయికి నెల తప్పడం అనుమానాన్ని రేకెత్తించదు. ‘నెల తప్పితే రా’ అన్న ఒక్క సలహా మీద ఆధారపడిన ప్రణాళిక ఇక్కడే విఫలమవుతుంది.

ఈ మాట మందు వాడే మహిళ దాకా చేరలేదన్నదే బ్రిటన్ నేర్చుకున్న పాఠం. డాక్టర్లకు హాని సంగతి ఎంతోకాలంగా తెలుసు, హెచ్చరికలూ ఉన్నాయి. అయినా బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018 ఏప్రిల్‌లో గర్భనిరోధక కార్యక్రమాన్ని తప్పనిసరి చేయాల్సి వచ్చింది. గర్భం దాల్చే వయసులో ఉన్న మహిళకు ఆ కార్యక్రమం షరతులు తీరకపోతే వాల్‌ప్రోయేట్ రాయకూడదు. స్పెషలిస్టు, పేషెంటు ఏడాదికి ఒకసారి కూర్చుని, పాయింటు పాయింటు చదువుకుని సంతకం చేసే ఒక వార్షిక రిస్క్ అంగీకార ఫారం ఉంటుంది. మందులు, వైద్య పరికరాల భద్రతపై 2020 జులైలో వచ్చిన బారోనెస్ కంబర్‌లెజ్ సమీక్ష, మహిళలకు చెప్పాల్సింది చెప్పలేదన్న విషయాన్ని బాధితుల మాటల్లోనే బయటపెట్టింది. 2024 జనవరి నుంచి 55 ఏళ్లలోపు ఎవరికైనా కొత్తగా ఈ మందు మొదలుపెట్టాలంటే, వేరే దారి లేదని ఇద్దరు స్పెషలిస్టులు విడివిడిగా నిర్ణయించి రాసిపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023 మార్గదర్శకాల్లో గర్భం దాల్చే అవకాశం ఉన్న మహిళలకు, బాలికలకు ఈ మందు వాడొద్దని గట్టిగా చెప్పింది.

ఆ ఫారాన్ని మన ఓపీలోకి మక్కీకి మక్కీ తెచ్చుకోనక్కర్లేదు. దాని వెనక ఉన్న వరుస మాత్రం తెచ్చుకోవాలి. ఒక ఉదాహరణ మీద ఆ వరుసను నడిపిస్తే సులువుగా అర్థమవుతుంది. ఇది ఊహించిన కేసే గానీ, న్యూరాలజీ ఓపీలో తరచూ ఎదురయ్యే తరహాది.

అమ్మాయికి 21 ఏళ్లు, గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. నిద్ర లేచాక చేతులు ఉలిక్కిపడ్డట్టు కదలడం, అప్పుడప్పుడు పెద్ద ఫిట్స్. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ. లెవెటిరాసెటమ్ రోజుకు 3000 మిల్లీగ్రాముల దాకా ఆరు నెలలు వాడినా రెండుసార్లు పెద్ద ఫిట్స్ వచ్చాయి, పైగా చిరాకు, ఏడుపు పెరిగాయి. లామోట్రిజిన్ 200 మిల్లీగ్రాములకు చేరాక పొద్దుటి ఉలికిపాట్లు ఎక్కువయ్యాయి, ఆపేశారు. ఈ రకం మూర్ఛకు వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుంది. బ్రిటన్‌లో జరిగి 2021లో ప్రచురితమైన సనాద్ రెండో ట్రయల్ కూడా ఇలాంటి, మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యే జనరలైజ్డ్ మూర్ఛల్లో లెవెటిరాసెటమ్ దానికి సాటి రాలేదనే తేల్చింది. కాబట్టి ఇక్కడ వాల్‌ప్రోయేట్ రాయడం తప్పు కాదు. కానీ ‘ఎందుకు ఇదే’ అన్నది ఫైల్లో ఉండాలి. ‘ఇతర మందులు పనిచేయలేదు’ అని రాస్తే సరిపోదు. ఏ మందు, ఎంత డోసు, ఎన్నాళ్లు, ఏమైంది అన్నది రాయాలి. మూడేళ్ల తర్వాత ఆమె గర్భం కోరుకున్నప్పుడు మందు మార్చాల్సిన డాక్టరుకు పనికొచ్చేది ఆ నాలుగు వివరాలే.

ఆమెతో వాళ్లమ్మ వచ్చింది. నాలుగు నెలల్లో పెళ్లి. చాలా మాటలు ఆగిపోయేది ఇక్కడే. పెళ్లి కాని అమ్మాయిని తల్లి ఎదుట గర్భనిరోధం గురించి అడగడానికి డాక్టరు సంకోచిస్తాడు, ‘పెళ్లయ్యాక చూద్దాం’ అని చీటీ ఇచ్చి పంపేస్తాడు. పెళ్లయ్యాక ఆమె అత్తగారి ఊళ్లో వేరే మందుల షాపులో పాత చీటీ చూపించి అవే బిళ్లలు కొనుక్కుంటుంది. ఈ సంభాషణ మళ్లీ ఎక్కడా జరగదు. అందుకే కొంతసేపు తల్లిని బయట కూర్చోమని, నర్సును పక్కన ఉంచుకుని అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి. ‘ఒంటరిగా మాట్లాడాం’ అన్నది కూడా ఫైల్లో రాయాలి. తర్వాత ఆమె అనుమతితోనే తల్లిని లోపలికి పిలవాలి. పెళ్లి సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న మాట. మూర్ఛ ఉంటే పెళ్లి చెల్లదన్న భయం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. హిందూ వివాహ చట్టంలోని ఆ నిబంధనను 1999లోనే తీసేశారు. ఈ భయం ఉన్నచోట మందు దాచిపెడతారు, దాచిన మందు గురించి గైనకాలజిస్టుకు ఎవరూ చెప్పరు.

రిస్క్ చెప్పేటప్పుడు శాతాల కన్నా ‘నూరు మంది పిల్లల్లో’ అన్న మాట బాగా తలకెక్కుతుంది. చెప్పాక ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ తల ఊపుతారు. దాని బదులు ‘మీ ఇంటికి వెళ్లాక మీ అక్కకు ఈ మందు గురించి ఏం చెబుతావు’ అని అడగాలి. ఆమె చెప్పిన మాటను ఆమె మాటల్లోనే రాయాలి. అర్థమైందనడానికి అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. తప్పు చెబితే సరిదిద్ది, మళ్లీ చెప్పించి, ఆ సంగతీ రాయాలి.

తర్వాత గర్భ పరీక్ష. మొదటి బిళ్లకు ముందే, మిల్లీలీటరుకు 25 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్ల హెచ్‌సీజీ అనే గర్భ హార్మోన్‌ను పట్టగల మూత్ర పరీక్ష గానీ, రక్త పరీక్ష గానీ చేయాలి. తేదీ, ఫలితం రాయాలి. గత మూడు వారాల్లో గర్భనిరోధం లేకుండా కలయిక జరిగి ఉంటే నెగెటివ్ ఫలితాన్ని నమ్మడానికి లేదు, గర్భం ఉన్నా అంత తొందరగా తేలకపోవచ్చు. అలాంటప్పుడు ఆ కలయిక జరిగిన రోజు నుంచి మూడు వారాలకు మళ్లీ చేయాలి. ఆ రెండో పరీక్ష తేదీని మొదటి రోజే రాయాలి. రెండో పరీక్ష రాయని ఫైళ్లలో అది జరగకుండానే పోతుంది.

గర్భనిరోధంలో ‘వాడుతోంది’ అన్న మాటకు విలువ లేదు. పద్ధతి పేరు, మొదలైన తేదీ, గడువు తీరే తేదీ ఉండాలి. మనిషి రోజూ గుర్తుంచుకోనక్కర్లేని పద్ధతులే ముందు వరుసలో ఉంటాయి: కాపర్-టీ, హార్మోన్ ఉండే గర్భాశయ పరికరం, చర్మం కింద పెట్టే ఇంప్లాంట్. పిల్లలు చాలనుకున్నవారికి కు.ని. ఆపరేషన్. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే ‘అంతర’ ఇంజెక్షన్ కూడా గట్టి పద్ధతే, కానీ మూడు నెలలకోసారి సరిగ్గా పడ్డట్టు ఆరోగ్య సిబ్బంది రాసిన తేదీలు ఉంటేనే. తేదీలు చూపించలేకపోతే దాన్ని గట్టి పద్ధతిగా లెక్కించకూడదు. వీటిలో ఏదీ కుదరకపోతే రోజువారీ మాత్రలతో పాటు కండోమ్ కూడా, రెండూ కలిపి వాడాలి. కండోమ్ ఒక్కటే సరిపోదు.

ఒక మందు ఇంకో మందు మీద చూపే ప్రభావం ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. గర్భనిరోధక మాత్రలను వాల్‌ప్రోయేట్ బలహీనపరచదు. మూర్ఛ మందులైన కార్బమజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్ మాత్రం బలహీనపరుస్తాయి, ఇంప్లాంట్‌ను కూడా. వాల్‌ప్రోయేట్‌తో పాటు ఈ మూడింటిలో ఏదైనా ఉంటే కాపర్-టీ, హార్మోన్ పరికరం, అంతర వైపు వెళ్లాలి. ఇంకో వైపు, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాల్‌ప్రోయేట్ స్థాయిని రక్తంలో తగ్గించొచ్చు. మాత్రలు మొదలుపెట్టాక ఫిట్స్ పెరిగితే మొదట అనుమానించాల్సింది ఇదే.

మన ఉదాహరణలోని అమ్మాయి ఇప్పుడు కలయికలో లేనని చెప్పింది. అలాంటప్పుడు బలవంతంగా కాపర్-టీ పెట్టడం సబబు కాదు. కానీ ‘ప్రస్తుతం అవసరం లేదు’ అని వదిలేయడమూ తప్పే. ఎందుకు అవసరం లేదో, ఆ పరిస్థితి ఎప్పుడు మారబోతోందో, మారకముందే ఏం చేయాలో రాయాలి. పిల్లలు పుట్టని అమ్మాయికి కాపర్-టీ పనికిరాదన్న నమ్మకం ఇంకా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత ప్రమాణాల ప్రకారం ఆమెకు అది వాడొచ్చు. అంతర ఆపాక గర్భం రావడానికి చాలా నెలలు పట్టొచ్చు కాబట్టి, కొత్తగా పెళ్లయ్యే అమ్మాయికి ఆ సంగతి ముందే చెప్పాలి. ఇవన్నీ కలిపితే ఫైల్లో ఇలా ఉంటుంది:

“వయసు 21. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ. లెవెటిరాసెటమ్ 3000 మి.గ్రా., 6 నెలలు: రెండు పెద్ద ఫిట్స్, చిరాకు, దిగులు. లామోట్రిజిన్ 200 మి.గ్రా.: ఉలికిపాట్లు పెరిగాయి, ఆపాం. ఇంకో న్యూరాలజిస్టు విడిగా చూసి ఏకీభవించారు, వారి నోట్ జతచేశాం. వాల్‌ప్రోయేట్ రాత్రిపూట 300 మి.గ్రా.తో మొదలు, గరిష్ఠం రోజుకు 600. అమ్మాయితో ఒంటరిగా, తెలుగులో మాట్లాడాం. ఈ డోసులో అవకరాలు నూటికి 6, డోసు పెరిగితే 11 లేదా అంతకు మించి, మామూలుగా 2 నుంచి 3 అని చెప్పాం. ఎదుగుదల సమస్యలు నూటికి 30 నుంచి 40. ఆమె మాటల్లో: ‘కడుపులో బిడ్డకు వెన్నెముక, గుండె లోపాలు రావచ్చు, చదువు, మాట వెనకబడొచ్చు. కడుపొచ్చిందని అనుమానం వస్తే బిళ్ల మానకుండా రెండు మూడు రోజుల్లో ఇక్కడికి రావాలి.’ మూత్ర గర్భ పరీక్ష ఈరోజు నెగెటివ్. ప్రస్తుతం కలయిక లేదని చెప్పింది, పెళ్లి నాలుగు నెలల్లో. రెండు నెలల్లోపు గైనకాలజీ అపాయింట్‌మెంట్ ఇచ్చాం, హార్మోన్ పరికరం వైపు మొగ్గు చూపింది. పెళ్లికి ముందు గర్భనిరోధం మొదలైందో లేదో ఫోన్‌లో కనుక్కునే బాధ్యత ఎపిలెప్సీ నర్సుది. గర్భం కోరుకున్నప్పుడు గర్భనిరోధం ఆపకముందే ఇక్కడికి రావాలి, ముందు మందు మార్చాలి. ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. రాశాం, అది వాల్‌ప్రోయేట్ హానిని ఆపదని చెప్పాం. తిరిగి పూర్తి చర్చ: ఏడాదికి లేదా డోసు 600 దాటితే, ఏది ముందైతే అది.”

కింద డాక్టరు, అమ్మాయి ఇద్దరి సంతకాలు, తేదీ. మూడు ప్రతులు: ఒకటి ఆసుపత్రి ఫైల్లో, ఒకటి ఆమెకు, ఒకటి గైనకాలజిస్టుకు. మనవైపు పేషెంటు రికార్డు చాలాసార్లు పేషెంటు చేతిసంచిలోనే ఉంటుంది. ఆ సంచిని ఇంట్లో ఎవరైనా తెరిచి చదవొచ్చు. అందుకని ఆమె కోరితే, ఆమె ప్రతిలో గర్భనిరోధ పద్ధతి పేరు రాయకుండా ‘షరతులు పూర్తయ్యాయి, వివరాలు ఆసుపత్రి ఫైల్లో’ అని రాయొచ్చు. ఇది చిన్న జాగ్రత్తే గానీ, కొన్ని ఇళ్లలో గర్భనిరోధం కొనసాగడానికీ ఆగిపోవడానికీ మధ్య తేడా ఇదే.

ఈ నోట్‌లో తేలిగ్గా వదిలేసే వాక్యాలు రెండున్నాయి. ‘ఇంకో న్యూరాలజిస్టు ఏకీభవించారు’ అన్నదాన్ని చాలామంది లాంఛనం అనుకుంటారు. వాల్‌ప్రోయేట్ బాగా పనిచేసే మందు కాబట్టే, వేరే మందులకు తగినంత డోసు, తగినంత కాలం ఇవ్వకుండానే దానివైపు వెళ్లాలనిపిస్తుంది. ఇంకో జత కళ్లు ఆ తొందరను పట్టుకుంటాయి. జిల్లాలో ఇంకో న్యూరాలజిస్టు దొరకకపోతే ఫోన్‌లోనో, వీడియోలోనో అభిప్రాయం తీసుకుని, ఎవరితో ఎప్పుడు మాట్లాడారో రాయాలి. రెండోది ‘డోసు దాటితే మళ్లీ చర్చ’. 600 మిల్లీగ్రాములకు చెప్పిన రిస్క్‌కు ఆమె ఒప్పుకుంది. ఆరు నెలల తర్వాత ఫిట్స్ ఆగలేదని 1000కి పెంచితే రిస్క్ దాదాపు రెట్టింపు అవుతుంది, దానికి ఆమె ఒప్పుకోలేదు. పాత సంతకం కొత్త డోసుకు వర్తించదు.

బైపోలార్ జబ్బుకు ఇదే మందు రాసేటప్పుడు లెక్క ఇంకా కఠినం. మూర్ఛలో కొందరికి వాల్‌ప్రోయేట్ తప్ప మరో దారి ఉండదు, అందువల్ల గర్భంలో కూడా కొనసాగించాల్సిన అరుదైన సందర్భాలుంటాయి. బైపోలార్‌లో వేరే మందులున్నాయి కాబట్టి గర్భంలో ఇది పూర్తిగా నిషిద్ధం. పైగా ఉద్రేకం హద్దు దాటే మానియా దశలో ఉన్న రోజున తీసుకున్న సంతకానికి అర్థం లేదు. ఆమె కోలుకున్నాక మొత్తం చర్చ మళ్లీ మొదటి నుంచి చేసి, ఆ తేదీతో కొత్తగా రాయాలి.

ఇంకా రజస్వల కాని బాలికల సంగతి. తల్లిదండ్రులు ‘అప్పటికి చాలా టైముంది కదా’ అంటారు. వాళ్ల ఫైల్లో ఉండాల్సిన వాక్యం ఇది: ‘మొదటి నెలసరి వచ్చిన వెంటనే ఫోన్ చేసి, ముందుగా చూపించాలని తల్లికి చెప్పాం.’ ఆ రోజుకల్లా మందు మార్చగలమా అన్న ఆలోచన ఏడాదికోసారి జరగాలి, ఎందుకంటే పదేళ్ల పిల్లలో మందు మార్చడం పద్దెనిమిదేళ్ల పిల్లలో కన్నా తేలిక.

మందుల షాపు దగ్గర ఈ గొలుసు తెగిపోయే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో 2023 అక్టోబరు నుంచి వాల్‌ప్రోయేట్‌ను పూర్తి పెట్టెగానే అమ్మాలి, ఎందుకంటే హెచ్చరిక, సమాచార పత్రం ఆ పెట్టెలోనే ఉంటాయి. మన దగ్గర పది బిళ్లల స్ట్రిప్ నుంచి నాలుగు కత్తిరించి ఇవ్వడం మామూలు, అప్పుడు ఆమె చేతికి హెచ్చరిక చేరదు. చీటీ మీదే, మందు పేరు పక్కనే ‘గర్భంలో వాడరాదు, సొంతంగా ఆపరాదు, ఫలానా తేదీ దాకా మాత్రమే ఇవ్వాలి’ అని తెలుగులో రాయాలి. ఏడాది గడువు ఆ తేదీతోనే ముగియాలి.

ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా గర్భం రావచ్చు. అప్పుడు జరిగే పెద్ద తప్పు, భయంతో ఆమె ఆ రాత్రే బిళ్లలు ఆపేయడం. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి తల్లి ప్రాణానికే ముప్పు. మందు తీసుకుంటూనే కొద్ది రోజుల్లో స్పెషలిస్టును కలవాలి. ఆ రోజు ఫైల్లో రాయాల్సినవి: గర్భానికి ఎన్ని వారాలు, ఆ వారాల్లో రోజుకు ఎంత డోసు, మందు మార్చగలమా, ఎందుకు లేదా ఎందుకు కాదు. వెన్నెముక, గుండె లోపాలను బిడ్డ అవయవాలను చూసే టిఫా స్కాన్‌లో చాలావరకు పట్టొచ్చు. మెదడు ఎదుగుదలలో రాబోయే తేడాను ఏ స్కానూ చూపించదు. స్కాన్ మామూలుగా ఉందని బిడ్డకు ఏమీ కాదని చెప్పకూడదు, అలా చెప్పలేదని కూడా రాయాలి. గర్భం కొనసాగించాలా వద్దా అన్న నిర్ణయం ఆమెది. 2021 సవరణ తర్వాత గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, అందుకే తొందరగా రావడం ముఖ్యం.

ఇక ఈ కాగితాలను ఎన్నాళ్లు ఉంచాలన్న ప్రశ్న. 2002 నాటి వైద్య వృత్తి నిబంధనలు ఇన్‌పేషెంట్ల రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు ఉంచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని చెబుతాయి. వాల్‌ప్రోయేట్ విషయంలో 3 ఏళ్లు ఏ మూలకూ రావు. మందు రాసిన రెండేళ్లకు గర్భం వస్తే, ఆ బిడ్డ మాట వెనకబడిందని తెలిసేసరికి ఇంకో మూడు నాలుగేళ్లు గడుస్తాయి, చదువులో ఇబ్బంది బయటపడేది బడికి వెళ్లాకే. అప్పుడు పిల్లల డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, గర్భంలో ఏ మందు, ఏ వారాల్లో, ఎంత డోసు అన్నదే. కాబట్టి ఈ ఒక్క ఫైలును ఓపీ రికార్డు అయినా సరే విడిగా కట్టి, ఆమె ఆ మందు వాడినన్నాళ్లూ, ఆ కాలంలో పుట్టిన బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా ఉంచాలి.